హెల్మెట్ పట్టీ గురించి ఆరు వరుసల క్యాప్షన్: ఎక్కడ పొరపాటు పడుతున్నాం?

ప్రచార_విభాగం
మా ట్రాఫిక్ శాఖ పేజీలో వచ్చే వారం ఒక ఫోటో, దాని కింద చిన్న క్యాప్షన్ పెట్టాలి. హెల్మెట్ తలమీద ఉండి, కింద పట్టీ వేలాడుతూ బండి నడిపేవాళ్ల కోసం ఈ పోస్టు. పై నుంచి వచ్చిన ముసాయిదా ఇది:

ప్రాణం కన్నా ప్రయాణం మిన్న కాదు.
మీ కుటుంబం మీ కోసం ఎదురుచూస్తోంది.
నాణ్యమైన హెల్మెట్‌ను సరైన రీతిలో ధరించండి.
అతివేగం ప్రమాదకరం.
నిబంధనలు పాటిద్దాం, ప్రమాదాలను నివారిద్దాం.

ఆరు వరుసలు దాటకూడదు. ప్రతి వరుసా చదవగానే చేయదగిన పని అయ్యుండాలి. ఎలా మార్చాలో చెప్పండి.

రాతకోతలు
ఈ ఐదు వరుసలు చదివాక చెయ్యి ఎక్కడ పెట్టాలో తెలియదు. మొదటి రెండూ ఊరికే వింటాం. నాలుగోది వేగం గురించి, అంటే వేరే పోస్టు. ఐదోది ఏ పోస్టు కిందైనా అతుకుతుంది. పట్టీ అన్న మాటే ఎక్కడా లేదు, దగ్గరికొచ్చిన మాట 'సరైన రీతిలో' ఒక్కటే. పట్టీ వదిలేసే మనిషికి తన రీతి సరైనదే అనిపిస్తుంది. ఎవరి కోసం రాస్తున్నారో వాళ్లని మొదటి వరుసలోనే పట్టుకోండి:

హెల్మెట్ పెట్టారు. పట్టీ బిగించారా?

పెట్టుకున్నందుకు తిట్టలేదు, మిగిలిపోయిన పని అడిగాం. పైగా తెలుగులో క్రియ వాక్యం చివర వస్తుంది. వరుస పొడుగైతే ఫోన్‌లో అది మడత పడి, చేయాల్సిన పని చెప్పే మాట రెండో వరుసలోకి జారుతుంది. క్రియ కూడా అదే వరుసలో పట్టేట్టు రాయాలి.

నడిరోడ్డు
వరుస పొడుగంటే గుర్తొచ్చింది. మీ కంప్యూటర్ అక్షరాలు లెక్కపెట్టే తీరు వేరు. 'హెల్మెట్' కంటికి మూడు అక్షరాలు. యంత్రానికి హ, ఎత్వం, ల, పొల్లు, మ, ఎత్వం, ట, పొల్లు కలిపి ఎనిమిది. పైన రాతకోతలు గారు రాసిన వరుస, ఖాళీలతో కలిపి, 35. అక్షరాల పరిమితి ఉన్న చోట పెట్టేటప్పుడు ముందే సరిచూసుకోండి.

సుబ్బు_రైడర్
సింపుల్ బ్రో. 'క్లిక్ వినిపిస్తే సేఫ్' అని పెట్టండి. మూడు ముక్కలు. అందరికీ గుర్తుంటుంది.

బకిల్_పంతులు
సుబ్బు గారు, సగం సరిగ్గానే చెప్పారు. క్లిక్ వినిపిస్తే బకిల్ పడినట్టే. పట్టీ బిగుతుగా ఉందో లేదో మాత్రం క్లిక్ చెప్పదు. పట్టీ గడ్డం కింద నాలుగు వేళ్ల వెడల్పున ఊగుతున్నా బకిల్ క్లిక్‌మంటుంది.

రెండో సంగతి. క్లిక్ వచ్చేది పళ్లున్న ప్లాస్టిక్ నాలుక లోపలికి దూరే రకానికీ, సీటు బెల్టులా తగులుకునే రకానికీ. రెండు లోహపు రింగులున్న హెల్మెట్లకి క్లిక్ అనేదే ఉండదు. అక్కడ పట్టీ రెండు రింగుల్లోంచి దూరి, బయటి రింగు మీదుగా వెనక్కి మడిచి, లోపలి రింగులోంచి మాత్రమే బయటికి రావాలి. అప్పుడే కొస లాగితే బిగుస్తుంది, తలవైపు నుంచి లాగితే కదలదు. రెండింట్లోంచీ దూర్చి అలాగే వదిలేస్తే చిన్న కుదుపుకే జారిపోతుంది. ఆ పట్టీ కొసన ఒక చిటికె బొత్తం ఉంటుంది చూడండి, అది కొస గాలికి కొట్టుకోకుండా పెట్టింది. దాన్ని పెట్టి 'పట్టీ పెట్టేశాను' అనుకునేవాళ్లు చాలామంది.

కాబట్టి క్యాప్షన్‌లో శబ్దాన్ని కాక లాగి చూడటాన్ని రాయండి. ఏ బకిల్ అయినా అది పనికొస్తుంది.

సుబ్బు_రైడర్
నా దాంట్లో పళ్ల బకిలే. మొదటి క్లిక్‌కే ఆగిపోతా, ఇంకా నొక్కితే గొంతు పట్టేస్తుంది. అది తప్పా?

బకిల్_పంతులు
ఒక్క పన్ను మీద ఆపితే తప్పే, నాలుక సగం బయటే ఉంటుంది. రోజూ చేసే బిగింపు పళ్లతో కాదు. పట్టీ అవతలి వైపున జారే క్లిప్పు ఉంటుంది. హెల్మెట్ కొన్నరోజే దాంతో పొడుగు సరిచేసుకోవాలి. నాలుక మధ్య పళ్ల దాకా దూరినప్పుడు గొంతుకు సరిగ్గా ఆనేట్టు పెట్టుకుంటే, చలికాలం లోపల మఫ్లర్ చుట్టినా ఒకటి రెండు పళ్లు వెనక్కి, అది లేనప్పుడు ఒకటి రెండు ముందుకి వెసులుబాటు ఉంటుంది.

లక్ష్మి_కె
పెద్ద పెద్ద అక్షరాలు పెట్టండి సార్. బండి మీద పోతూ ఆరు వరుసలు ఎవరు చదువుతారు? కూడలి బోర్డు మీద మూడు మాటలు చాలు.

ప్రచార_విభాగం
మేడమ్, ఇది రోడ్డు బోర్డు కాదు, ఫోన్‌లో చూసే పోస్టు. చదివేవాళ్లు ఆగి ఉంటారు, కనీసం ఆగి ఉండాలి.

రాతకోతలు
అయినా లక్ష్మి గారి మాటలో ఒక పట్టు ఉంది. ఈ పోస్టులు వాట్సాప్‌లో ఫోటోగానే తిరుగుతాయి, కింద రాసిన క్యాప్షన్ వెనకే ఉండిపోతుంది. మొదటి వరుస ఫోటో మీదే అచ్చు వేయించండి. మిగతా ఐదూ కింద ఉన్నా పర్వాలేదు.

గణాంకాల_గోపి
పరిశోధన లెక్క ఒకటి పెడితే బరువు వస్తుంది. హెల్మెట్ వల్ల మరణం ముప్పు 42 శాతం, తలకు గాయం ముప్పు 69 శాతం తగ్గుతుందని, వైద్య అధ్యయనాలన్నీ కలిపి చూసే కాక్రేన్ సంస్థ 2008లో వేసిన సమీక్ష. మొదటి వరుసలో అదే వేయండి. లేదా ఈ ఏడాది ఇప్పటిదాకా పోయిన ప్రాణాల సంఖ్య వేయండి, గుండె ఝల్లుమంటుంది.

బకిల్_పంతులు
గోపి గారు, ఆ అంకెలు సరైనవే. కానీ అవి హెల్మెట్ పెట్టినవాళ్లనీ పెట్టనివాళ్లనీ పోల్చినవి. పట్టీ బిగించినవాళ్లనీ వదిలేసినవాళ్లనీ పోల్చలేదు. మన పాఠకుడు ఇప్పటికే హెల్మెట్ పెట్టినవాడు. ఆ 42 చూసి 'అయితే నాకు 42 శాతం వచ్చేసింది' అనుకుంటాడు, పట్టీ సంగతి అతనికి చేరదు.

మరణాల సంఖ్య గురించి ఇంకొంచెం జాగ్రత్త కావాలి. అమెరికాలోని టెక్సస్ రహదారుల ఎలక్ట్రానిక్ బోర్డుల మీద నెలకొక వారం ఆ ఏడాది మరణాల సంఖ్య చూపేవారు. ఆ వారాల్లో బోర్డు దాటాక 10 కిలోమీటర్ల మేర ప్రమాదాలు 4.5 శాతం పెరిగాయని 2022లో సైన్స్ పత్రికలో వచ్చిన అధ్యయనం. నడిపేవాడి ధ్యాస కొద్దిసేపు ఆ సంఖ్య మీదికి పోవడమే కారణమని రచయితలు భావించారు.

గణాంకాల_గోపి
అది రోడ్డు మీది బోర్డు. ఇంట్లో కూర్చుని ఫోన్ చూసేవాడి ధ్యాస చెదిరితే ఏమవుతుంది? ఆ అధ్యయనం ఇక్కడికి అతకదు.

బకిల్_పంతులు
నిజమే, ఫోన్ పోస్టుకి దాన్ని సాక్ష్యంగా తేలేం. నా అభ్యంతరం చిన్నది: సంఖ్య ఒక వరుస తినేస్తుంది, చేతికి పని చెప్పదు. అంకె కావాలంటే దీన్ని చూడండి. మనిషి తల 1.5 మీటర్ల ఎత్తు నుంచి ఊరికే కిందపడితే నేలను తాకేటప్పటికి వేగం గంటకు దాదాపు 19.5 కిలోమీటర్లు. బండి ఆగి ఉన్నా సరే. 'మెల్లగానే పోతున్నా కదా' అనేవాడికి ఈ లెక్క జవాబు.

నడిరోడ్డు
ఆ లెక్క వ్యాఖ్యల్లో మొదటి జవాబుగా పిన్ చేస్తే బావుంటుంది. క్యాప్షన్‌లో వద్దు.

ప్రచార_విభాగం
సరే. అందరి మాటా కలిపి రెండో రూపం:

హెల్మెట్ పెట్టారు. పట్టీ బిగించారా?
బెల్ట్ గడ్డం మీదుగా వేయండి.
లాక్ వేసి లాగి చూడండి.
పట్టీ కింద రెండు వేళ్లే దూరాలి.
తల వంచినా హెల్మెట్ ఊడకూడదు.
వెనక కూర్చున్నవారూ పాటించాలి.

రాతకోతలు
మాటలు ముందు. ఒక వరుసలో పట్టీ, ఇంకో వరుసలో బెల్ట్. బెల్ట్ అనగానే కారు సీటు బెల్టు మెదులుతుంది. అంతటా 'పట్టీ' అనే ఉంచండి. 'లాక్' కూడా గందరగోళమే, హెల్మెట్‌ని బండికి తగిలించి తాళం వేసేదాన్నీ లాక్ అనే అంటారు. 'పాటించాలి' అన్నది శాఖ భాష. ఏమి పాటించాలి? 'వెనక కూర్చున్నవారి పట్టీ కూడా చూడండి' అంటే నడిపేవాడికి ఒక పని అప్పజెప్పినట్టు.

బకిల్_పంతులు
రెండో వరుస పనికిరాదు, పైగా హాని. పట్టీ గడ్డం మీదుగా పోకూడదు. గడ్డం మొన మీద ఉన్న పట్టీ, హెల్మెట్ వెనక నుంచి ఎగదన్నగానే ముందుకు జారి ఊడిపోతుంది. గడ్డం గుండ్రని వాలు, దానికి పట్టు లేదు. పట్టీ దవడ ఎముక కింద, మెడ మొదలయ్యే మడతలో, గొంతుకు ఆనుకొని ఉండాలి. మొదట కొంచెం ఇబ్బందిగా ఉంటుంది. ఆ ఇబ్బంది వల్లే జనం ముందుకు లాక్కుంటారు. గుటక వేస్తే తెలియాలి, నొప్పి పుట్టకూడదు.

ఐదో వరుస ఆలోచన మంచిదే, రాసిన తీరు చాలదు. ఊరికే తల వంచితే ఏ హెల్మెట్టూ ఊడదు. పట్టీ పెట్టుకుని, తల కాస్త ముందుకు వంచి, రెండు చేతులతో మెడ వెనక అంచు పట్టుకుని పైకీ ముందుకీ నెట్టాలి. ఐరోపా ప్రమాణంలో ఇదే పనిని యంత్రంతో చేస్తారు. 10 కిలోల బరువుని అర మీటరు ఎత్తు నుంచి వదిలి హెల్మెట్ వెనక అంచుని ముందుకు గుంజుతారు. హెల్మెట్ 30 డిగ్రీలకు మించి తిరగకూడదు. చేత్తో అంత బలం పెట్టక్కర్లేదు, ఊడొచ్చేదైతే మామూలు నెట్టుకే వస్తుంది.

సుబ్బు_రైడర్
ఇప్పుడే చేశా. పట్టీ బాగానే బిగించా, అయినా నుదుటి మీదికి వచ్చేసి కళ్లు కప్పేసింది.

బకిల్_పంతులు
అయితే మీది పట్టీ లోపం కాదు, సైజు పెద్దది. తేడా ఇలా తెలుస్తుంది. హెల్మెట్ పట్టుకుని కుడి ఎడమలకు తిప్పండి. బుగ్గల చర్మం, నుదుటి చర్మం దాంతో పాటు కదిలితే సైజు సరే. చర్మం అక్కడే ఉండి హెల్మెట్ ఒక్కటే తిరిగితే పెద్దది. పెద్ద హెల్మెట్‌ని పట్టీ బిగించి నిలబెట్టలేం, గొంతు నొక్కుకోవడమే మిగులుతుంది.

లక్ష్మి_కె
నాది వేరే ఇబ్బంది. జడ ముడి మీద హెల్మెట్ పెడితే వెనక ఎత్తుగా లేచి ముందుకు వాలుతుంది. పట్టీ ఎంత బిగించినా అంతే. ఒక సైజు పెద్దది తీసుకోమన్నారు షాపులో.

బకిల్_పంతులు
పెద్దది తీసుకోకండి మేడమ్. ముడి ఎత్తుకు సరిపడా హెల్మెట్ తీసుకుంటే తక్కిన తలంతా లోపల ఖాళీగా ఆడుతుంది. ముడి విప్పి జడగా వేసుకోండి, లేదా హెల్మెట్ వెనక అంచుకి కింద, మెడ మీద వచ్చేట్టు ముడి వేసుకోండి. తర్వాత వెనక అంచు పట్టి నెట్టి చూడండి. కొలత కూడా జుట్టు వదిలాకే తీసుకోవాలి: కనుబొమలకు రెండున్నర సెంటీమీటర్ల పైన టేపు చుట్టి.

నడిరోడ్డు
నాలుగో వరుసలో 'రెండు వేళ్లు' దగ్గర ఒక చిక్కు. పక్కపక్కన పరిచి దూర్చాలా, ఒకదాని మీద ఒకటి పెట్టి దూర్చాలా? పక్కపక్కన పరిస్తే కావలసిన సందు ఒక వేలి మందం. పేరిస్తే రెండు వేళ్ల మందం. అదే వరుస చదివి ఇద్దరు రెండు రకాలుగా బిగిస్తారు. నాకు తెలిసినవాళ్లలో ఎక్కువమంది పేర్చి చూస్తారు.

రాతకోతలు
ఇది నాకు తట్టలేదు. 'పక్కపక్కన రెండు వేళ్లు' అనొచ్చు, మాట పెరుగుతుంది.

బకిల్_పంతులు
పక్కపక్కనే. తయారీదార్ల సూచనలు కూడా ఒకే మాట మీద లేవు, కొందరు ఒక వేలు అంటారు, కొందరు రెండు. కొలతగా వేళ్లు అంత నమ్మదగినవి కావు, చేతులు ఒక్కలా ఉండవు, గ్లవుజు వేసుకుంటే మరీ. నా ఓటు ఆ వరుస తీసేసి, నెట్టి చూడటం ఒక్కటి ఉంచడం.

సుబ్బు_రైడర్
తీసేస్తే ఎలా పంతులు గారు? నెట్టి చూడటం కొన్న రోజు ఒకసారి చేస్తాం. రోజూ పొద్దున బండి ఎక్కేటప్పుడు చేయగలిగేది వేళ్లే. ఆవలించినట్టు నోరు తెరిస్తే హెల్మెట్ కిందికి లాగాలి అని కూడా విన్నా, అది ఇంకా తేలిక.

బకిల్_పంతులు
ఆవలింత పరీక్ష సైకిల్ హెల్మెట్‌కి బాగా తెలుస్తుంది, అది తేలిక కనుక. మొహమంతా కప్పే బండి హెల్మెట్‌లో బుగ్గల మెత్తలే పట్టి ఉంచుతాయి, పట్టీ లాగిందో మెత్తలు లాగాయో తేల్చుకోలేరు. రోజూ చేసే పని ఒకటి ఉండాలన్న మాట మాత్రం ఒప్పుకుంటాను. వేళ్ల వరుస ఉంచండి, ఎలా పెట్టాలో ఫోటో చూపాలి.

గణాంకాల_గోపి
ఫోటో అంటే పక్కపక్కన రెండు బొమ్మలు వేయండి. ఎడమ తప్పు, ఎర్ర ఇంటూ. కుడి ఒప్పు, పచ్చ టిక్కు.

రాతకోతలు
వద్దంటాను. చిన్న ఫోన్‌లో రెండూ సగమవుతాయి, వేళ్లు కనిపించవు. పైగా ఆ తప్పు బొమ్మ ఒక్కటే కత్తిరించి ఎవరో పంపుతారు.

గణాంకాల_గోపి
తన తప్పు తనకి కనిపించకపోతే ఎవడు మార్చుకుంటాడు? పట్టీ గడ్డం మీద ఉన్న బొమ్మ చూస్తేనే 'ఇది నేనే' అనుకుంటాడు. నేను మారను ఈ మాట మీద.

ప్రచార_విభాగం
రెండు వారాలకి రెండు పోస్టులు ఉన్నాయి కాబట్టి మొదటిది ఒప్పు బొమ్మతో, రెండోది జంట బొమ్మతో పెట్టి, ఏది ఎక్కువమంది దాచుకున్నారో చూస్తాం. ఇంకో ప్రశ్న. హెల్మెట్ ఒకసారి దెబ్బ తింటే మార్చాలన్న వరుస కూడా చేర్చమంటున్నారు.

బకిల్_పంతులు
మాట నిజం, చోటు ఇది కాదు. లోపలి తెల్లని నురుగు పొర నలిగి దెబ్బని మింగుతుంది, నలిగింది మళ్లీ పొంగదు. పైన పెంకు బాగానే కనిపిస్తుంది, లోపల గుడ్డ కప్పి ఉంటుంది, చూసి చెప్పలేం. ఇంత చెబితే గానీ ఆ వరుస అర్థం కాదు. పట్టీకి సంబంధించిన అరుగుదల అయితే ఒక మాట చెప్పొచ్చు: పీచు లేచిన పట్టీ, పగిలిన బకిల్, ముడి వేసి నెట్టుకొస్తున్న పట్టీ. బరువు పడగానే ఆ ముడి జారుతుంది.

ప్రచార_విభాగం
దాన్ని మూడో పోస్టుకి ఉంచాను. మొదటిదానికి ఇది, పైకి పంపుతున్నాను:

హెల్మెట్ పెట్టారు. పట్టీ బిగించారా?
దవడ కింద, గొంతుకు ఆనేట్టు వేయండి.
బకిల్ పడ్డాక లాగి చూడండి.
పక్కపక్కన రెండు వేళ్లే దూరాలి.
వెనక అంచు పట్టి పైకి నెట్టండి. ఊడితే సైజు మార్చండి.
వెనక కూర్చున్నవారి పట్టీ కూడా చూడండి.

దీంతో వేసే ఫోటో కూడా జత చేశాను. రెండు రింగుల హెల్మెట్, పక్క నుంచి తీసింది.

నడిరోడ్డు
ఐదో వరుసలో రెండు వాక్యాలున్నాయి, ఫోన్‌లో మడత పడుతుంది. మడత 'నెట్టండి' తర్వాత పడితే ఫర్వాలేదు. 'ఊడితే సైజు' దగ్గర తెగకుండా అక్కడే వరుస విరగ్గొట్టండి, ఆరు ఏడైనా సరే.

బకిల్_పంతులు
క్రమం కూడా చూడండి. బిగించి, లాగి, వేళ్లు పెట్టి చూశాకే నెట్టడం వచ్చింది కనుక, ఊడితే నింద సైజు మీద వేయడం సబబే. ఎవరైనా వరుసలు పైకీ కిందికీ మారిస్తే ఆ మాట అబద్ధమైపోతుంది, వదులు పట్టీతో నెట్టినవాడు కొత్త హెల్మెట్ కొంటాడు. పైవాళ్లకి ఈ సంగతి రాసి పంపండి.

ఇక ఫోటో. పెద్దది చేసి చూశాను. పట్టీ రెండు రింగుల్లోంచీ దూరి నేరుగా బయటికొచ్చింది, వెనక్కి మడవలేదు. కొసకున్న బొత్తం మాత్రం చక్కగా పెట్టి ఉంది.

సుబ్బు_రైడర్
అంటే ఫోటోలో ఆయన లాగి చూడలేదన్నమాట 😄

ప్రచార_విభాగం
ఫోటో తీసేశాను. పళ్ల బకిల్ హెల్మెట్ ఒకటి, రింగులది ఒకటి పెట్టి రేపు మళ్లీ తీయిస్తున్నాం. వేసే ముందు ఇక్కడ పెడతాను, పంతులు గారు ఒకసారి చూడండి.

లక్ష్మి_కె
జడతో ఉన్న తల ఒకటి కూడా తీయించండి సార్.